మూడు పెగ్గులకే తూలిన సాయంత్రం, నాలుగు తాగినా నిలకడగా ఉన్న సాయంత్రం: తేడా ఎక్కడుంది?

గోపాల్‌పూర్_కెరటం (బరంపురం)

అందరికీ నమస్కారం. నా బరువు 70 కిలోలు. స్నేహితులు కలిసినప్పుడు తాగుతాను, ఒంటరిగా ముట్టను. ఈమధ్య రెండు సాయంత్రాలు నన్ను ఆలోచనలో పడేశాయి.

మొదటిది గోపాల్‌పూర్‌లో ఒక రిసెప్షన్. పొద్దుటి నుంచి పెళ్లి పనుల్లో తిరుగుతూ మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టాను. రాత్రి ఎనిమిదికి కూర్చున్నాం. విస్కీ, సోడా. అన్నీ 30 ఎం.ఎల్. స్మాల్ పెగ్గులే. టేబుల్ మీద జీడిపప్పు, చిప్స్ తప్ప ఏమీ లేవు. మూడు పెగ్గులు ముప్పావు గంటలో అయిపోయాయి. తొమ్మిదికల్లా మాట తడబడింది. లేచి నిలబడితే కుర్చీ వీపు పట్టుకోవాల్సి వచ్చింది.

రెండోది ఒక ఆదివారం, మా ఇంట్లోనే. అత్తగారు పెందరాళే తింటారు కాబట్టి ఏడింటికే అందరం అన్నం, రొయ్యల కూర, దాల్మా తినేశాం. ఏడున్నర నుంచి గంటకొకటి చొప్పున నాలుగు స్మాల్ పెగ్గులు, నీళ్లు కలుపుకొని తాగాను. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య ఒక గ్లాసు మంచినీళ్లు. పదకొండింటికి కూడా మామూలుగానే ఉన్నాను. అదే బ్రాండ్, అదే మనిషి, పైగా ఒక పెగ్గు ఎక్కువ.

తిండి, నీళ్లు, నిదానం, ఈ మూడింట్లో ఏది ఎంత పని చేసింది? ఇంకో మాట. ఆ ఆదివారం రాత్రి స్నేహితుణ్ణి ఇచ్ఛాపురంలో దింపాల్సి వచ్చింది. పాతిక కిలోమీటర్లు. మా తమ్ముడు బండి తీశాడు గానీ, నేనే నడిపినా ఫర్వాలేదనిపించింది. నిజంగా ఫర్వాలేదా?

నెయ్యిముద్ద (ఛత్రపురం)

బ్రదర్, ఇది మా నాన్నగారి కాలం నుంచి తెలిసిన విషయమే. కూర్చోబోయే ముందు వేడి అన్నంలో రెండు చెంచాల నెయ్యి వేసుకుని తినాలి. నెయ్యి పొట్ట లోపల పూతలా పట్టేస్తుంది, మందు రక్తంలోకి దిగదు. పైన నీళ్లు బాగా తాగితే మిగిలింది యూరిన్‌లో పోతుంది. నీకు ఆదివారం జరిగింది అదే. రొయ్యల కూరలో నూనె ఉంటుంది కదా. ఈ పద్ధతి పాటించినవాళ్లకి బండి గురించి కూడా టెన్షన్ ఉండదు.

పాత_ల్యాబ్ (బరంపురం)

నేను మెడికల్ కాలేజీ ఫిజియాలజీ ల్యాబ్‌లో చాలాకాలం పని చేసి రిటైర్ అయ్యాను. నెయ్యిముద్దగారి పద్ధతి సగం మంచిదే, కారణం మాత్రం అది కాదు. చివర చెప్పిన బండి మాట ప్రమాదం. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

పొట్టకి పూత అంటూ ఏదీ పట్టదు. మందులో కొద్ది భాగం పొట్ట గోడల నుంచే రక్తంలోకి వెళ్తుంది, ఎక్కువ భాగం చిన్నపేగుల్లోకి దిగాకే వెళ్తుంది. పొట్టకీ చిన్నపేగుకీ మధ్య కండరంతో చేసిన ద్వారం ఒకటి ఉంది. చెరువు తూములా అది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. పొట్టలో అన్నం, కూర ఉంటే అవి నలిగేదాకా తూము కొద్దికొద్దిగానే వదులుతుంది, దాంతోపాటే మందూ కొద్దికొద్దిగా దిగుతుంది. ఖాళీ కడుపు అయితే ఆపేది లేదు, పెగ్గు పెగ్గులాగే జారిపోతుంది. కొవ్వు ఉన్న తిండి పొట్టలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి నెయ్యి పని చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అన్నం, పప్పు, చేప, గుడ్డు ఏదైనా పనికొస్తుంది. కావలసింది కడుపు నిండా భోజనం. రెండు చెంచాల నెయ్యి ఒక్కటే తాగితే అంత పని జరగదు.

మందుని కరిగించే పని లివర్‌ది. దాని వేగం ఇంచుమించు స్థిరం, మనం తొందరపెట్టలేం. పొట్ట నుంచి వచ్చే వేగం లివర్ వేగాన్ని దాటితే మిగులు రక్తంలో పేరుకుంటుంది. గోపాల్‌పూర్‌లో జరిగింది అదే.

నీళ్ల సంగతి. తాగిన మందులో మూత్రం, ఊపిరి, చెమట అన్నీ కలిపినా మార్పు లేకుండా బయటికి పోయేది నూటికి పది పాళ్లకి మించదు, చాలాసార్లు ఇంకా తక్కువ. మిగతాదంతా లివర్ గుండానే పోవాలి. బిందెడు నీళ్లు తాగినా రక్తంలో ఉన్నది త్వరగా దిగదు. నీళ్లకి వేరే లాభాలున్నాయి, అవి తర్వాత చెబుతాను.

గోపాల్‌పూర్_కెరటం

సార్, చాలా థాంక్స్. నా రెండు సాయంత్రాలకీ అంకెలు వేసి చూపించగలరా? అప్పుడు నాకు బాగా ఎక్కుతుంది.

పాత_ల్యాబ్

వేస్తాను. ఇవి అంచనాలే, రక్తపరీక్ష కాదు. మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి.

మన దేశంలో విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 30 ఎం.ఎల్. పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగవాడిలో అది మొత్తం రక్తంలో చేరితే ప్రతి 100 ఎం.ఎల్. రక్తానికీ 20 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుతుంది. లివర్ గంటకి 15 చొప్పున దించుతుంది. ఈ రెండు అంకెలు చాలు, ఎక్కడం 20, దిగడం 15.

గోపాల్‌పూర్: ఎనిమిది నుంచి ఎనిమిదీ ముప్పావు లోపల మూడు పెగ్గులు. మొత్తం 60. ఖాళీ కడుపు కాబట్టి తొమ్మిది, తొమ్మిదింపావుకల్లా దాదాపు అంతా రక్తంలో ఉంది. ఈలోగా లివర్ దించింది 15 పైన కొంచెం. అంటే 45 దగ్గర నిలిచారు. గంటలో సున్నా నుంచి 45కి ఎక్కారు.

ఆదివారం: ఏడున్నరకి మొదటి పెగ్గు. 20 ఎక్కింది, గంట తిరిగేసరికి 15 దిగింది, మిగిలింది 5. రెండో పెగ్గుతో 25, గంటకి 10 మిగిలింది. మూడోదానితో 30, గంటకి 15. నాలుగోది పదిన్నరకి, దాంతో 35. ఇది పెగ్గు గుటుక్కున దిగిందనుకుంటే. కడుపులో భోజనం ఉంది కాబట్టి ఏ శిఖరమూ అంత ఎత్తుకి వెళ్లదు, గుండ్రంగా అరిగిపోతుంది. సాయంత్రమంతా 30 లోపే తిరిగి ఉంటారు, అదీ మెల్లగా.

మైకం తెలిసేది అంకెని బట్టి మాత్రమే కాదు, అంకె ఎంత వేగంగా ఎక్కుతోందన్నదాన్ని బట్టి కూడా. మెదడు మెల్లగా వచ్చేదానికి కొంత సర్దుకుంటుంది. అదే 30 ఎక్కే దారిలో ఉన్నప్పుడు ఒకలా, దిగే దారిలో ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. దిగేటప్పుడు "నేను బాగానే ఉన్నాను" అనిపిస్తుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. రెండు రాత్రులూ పదకొండు గంటల దగ్గర ఆగి చూడండి. గోపాల్‌పూర్ రాత్రి ఎనిమిదికి మొదలై మూడు గంటలు గడిచాయి. 60లో 45 పోయాయి, మిగిలింది 15. ఆదివారం రాత్రి 80లో మూడున్నర గంటలకి 52 పోయాయి, మిగిలింది 28. అందులో కొంత ఇంకా పొట్టలోనే ఉండి దిగుతూ ఉండొచ్చు. తూలిన రాత్రి కంటే మామూలుగా ఉన్న రాత్రే పదకొండింటికి మీలో మందు ఎక్కువుంది.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం హద్దు 30. మీ అంచనా 28. లివర్ గంటకి 15 కాక 12 దించే రకం అయితే 38. తమ్ముడు బండి తీయడమే సరైన పని.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఈ లెక్క నన్ను కదిలించింది. మా స్నేహితురాళ్లం కలిస్తే నేనూ తాగుతాను, దాచుకునేది ఏముంది. నా బరువు 55 కిలోలు. మా వారూ నేనూ ఒకే కంచంలోని భోజనం తిని, ఒకే వేగంతో ఒక్కో పెగ్గు తాగినా నాకు ముందే తెలుస్తుంది. ఆయన "నీకు అలవాటు లేదు" అంటారు. అలవాటు సంగతేనా ఇది?

పాత_ల్యాబ్

కాదమ్మా, అలవాటుకి ముందే శరీరం తేడా ఉంది. మందు శరీరంలోని నీటిలో కలుస్తుంది, కొవ్వులో కలవదు. ఆడవారి శరీరంలో సగటున నీటి పాలు తక్కువ, మీ బరువూ తక్కువ. అదే 10 గ్రాములు మీలో 20 కాదు, సుమారు 33 ఎక్కుతుంది. ఒక్క స్మాల్ పెగ్గుకే మీరు చట్టం హద్దు దగ్గర ఉంటారు. భోజనం చేసి తాగితే శిఖరం తగ్గుతుంది, కానీ ఆయనతో సమానంగా పెగ్గుకి పెగ్గు నడిస్తే ఏ భోజనమూ మీ ఇద్దరినీ ఒకే చోట ఉంచలేదు. మీకు ఒక పెగ్గు దిగడానికి రెండు గంటల పైన పడుతుందనుకుని చూసుకోండి.

మహేంద్రతనయ

ఈ పోస్టు ఆయనకి చదివి వినిపించాను. ఇకనుంచి నా గ్లాసు నేనే పోసుకుంటాను.

రాయగడ_గూడ్స్ (రాయగడ)

నేను రైల్వేలో రన్నింగ్ స్టాఫ్. డ్యూటీ ఎక్కేముందు మేం మెషీన్‌లో ఊదాలి. రోడ్డు మీద 30 అంటున్నారు, మాకు ఊదితే అసలు ఏమీ రాకూడదు. నా స్నేహితుడొకడు రెస్ట్ రోజున రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి క్వార్టర్ తాగాడు. మటన్, అన్నం బాగా తిన్నాడు, నీళ్లూ తాగాడు. పన్నెండుకి పడుకుని ఐదున్నరకి లేచి స్నానం చేశాడు. తల నొప్పి లేదు, ఫ్రెష్‌గా ఉన్నాడు. ఆరింటికి ఊదితే రీడింగ్ వచ్చింది. మెషీన్ తప్పు అని గొడవ పడ్డాడు. తిని, నీళ్లు తాగి, నిద్రపోయాక కూడా వస్తుందా?

పాత_ల్యాబ్

వస్తుంది. మెషీన్‌ని అనుమానించక్కర్లేదు. క్వార్టర్ అంటే 180 ఎం.ఎల్., ఆరు స్మాల్ పెగ్గులు. ఆయన 70 కిలోలుంటే ఆరు ఇరవైలు 120. గంటకి 15 దిగితే ఎనిమిది గంటలు, అంటే ఉదయం ఐదు. ఆయన లివర్ గంటకి 10 మాత్రమే దించే రకమైతే పన్నెండు గంటలు, ఉదయం తొమ్మిది. ఈ రెండు రకాల లివర్ ఉన్నవాళ్లూ మామూలు ఆరోగ్యవంతులే. ఆరింటికి ఒకరికి సున్నా, ఇంకొకరికి 30 రావొచ్చు.

నిద్ర లివర్‌ని పరుగెత్తించదు. చన్నీళ్ల స్నానం, బ్లాక్ కాఫీ, నిమ్మరసం కూడా అంతే. కాఫీ నిద్రమత్తు తీస్తుంది, మందు తీయదు. ఆయన తిన్న మటన్, తాగిన నీళ్లు తలనొప్పి రాకుండా కొంత కాపాడి ఉండొచ్చు. బాగున్నట్టు అనిపించింది అందుకే కావొచ్చు.

కంచం_ముందు (జయపురం)

మీరంతా ముందు తినాలంటున్నారు. మా దగ్గర ముందు మందు, మంచింగ్, పదకొండింటికి బిర్యానీ. నాకు ఎక్కువైందనిపిస్తే వెంటనే గట్టిగా బిర్యానీ తింటాను, దిగిపోతుంది. కాబట్టి తర్వాత తిన్నా ఒకటే కదా? దిగడానికి ఏ బిర్యానీ మంచిది, మటనా చికెనా?

గోపాల్‌పూర్_కెరటం

అన్నా, నా ప్రశ్న దిగడం గురించి కాదు, ఎక్కే తీరు గురించి. అయినా అడిగారు కాబట్టి సార్ చెప్తారేమో.

పాత_ల్యాబ్

చెప్తాను, మన ఇళ్లన్నింట్లో జరిగేది ఇదే కాబట్టి. పదకొండింటికి తిన్న బిర్యానీ అప్పటికే రక్తంలో చేరినదాన్ని వెనక్కి లాగలేదు. ఆఖరి పెగ్గు ఒకటి ఇంకా పొట్టలో ఉంటే దాన్ని కొంచెం ఆపుతుంది. కడుపు నిండినప్పుడు లివర్ పని కాస్త చురుకవుతుంది గానీ, మీరు చెప్పినంత కాదు. దిగినట్టు అనిపించడానికి ఇంకో కారణం, తింటున్న అరగంట మీరు గ్లాసు ముట్టలేదు. టైమ్ గడిచింది.

మంచింగ్ గురించి ఒక మాట. ఉప్పు వేసిన పల్లీలు, మిక్చర్, చిప్స్ భోజనం కావు. గుప్పెడు పల్లీలు తూముని ఎంతసేపు ఆపుతాయి? పైగా ఉప్పుకి దాహం వేస్తుంది, ఆ దాహం చేతిలో ఉన్న గ్లాసుతో తీర్చుకుంటారు. మొదటి పెగ్గుకి అరగంట ముందు రెండు చపాతీలు, గుడ్డు కూరో, ఒక ప్లేటు పప్పన్నమో తింటే పదకొండింటి బిర్యానీ చేయలేని పని జరుగుతుంది.

గుణుపురం_మాస్టారు (గుణుపురం)

నాది కొంచెం వేరే అనుభవం. నాకు షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ వేసుకుంటాను. అప్పుడప్పుడు ఇద్దరు కొలీగ్స్‌తో ఒకటి రెండు పెగ్గులు. అన్నం తగ్గించమన్నారని ఆ రోజుల్లో చికెన్ ముక్కలు మాత్రమే తింటాను. ఒకసారి ఇంటికి వచ్చాక చేతులు వణికి, చెమటలు పట్టి, మాట ముద్దముద్దగా వచ్చింది. రెండు పెగ్గులకే ఇంత ఎక్కిందని ఇంట్లో కోప్పడ్డారు. నేను నెమ్మదిగానే తాగాను, తిన్నాను కూడా. మరి ఎందుకు ఎక్కింది?

పాత_ల్యాబ్

మాస్టారూ, మీరు రాసినదాన్ని బట్టి అది మైకం కాకపోవచ్చు, షుగర్ పడిపోయినట్టుంది. వణుకు, చెమట రెండు పెగ్గులు ఎక్కినందుకు మామూలుగా వచ్చే గుర్తులు కావు. మాట ముద్దవడం రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి పక్కనున్నవాళ్లు తాగుడే అనుకుంటారు, అసలు ప్రమాదం అక్కడే.

గ్లిమెపిరైడ్ షుగర్‌ని దించుతూ ఉంటుంది. మామూలు రోజున షుగర్ మరీ తగ్గితే లివర్ తన నిల్వలోంచి, కొత్తగా తయారుచేసి కూడా రక్తంలోకి పంపుతుంది. ఆల్కహాల్ కరిగించే పనిలో ఉన్నప్పుడు లివర్ ఆ కొత్త తయారీ సరిగా చేయలేదు. మీరు అన్నం, చపాతీ లేకుండా ముక్కలే తిన్నారు. చికెన్ ఆల్కహాల్‌ని ఆపి ఉండొచ్చు, షుగర్‌ని నిలపలేదు. ఇది తాగేటప్పుడే వస్తుందని లేదు, తెల్లవారుజామున నిద్రలో కూడా రావొచ్చు.

ఇంకోసారి అలా అనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. మీటర్ లేకపోతే ముందు గ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగండి. మీతో కూర్చునేవాళ్లకి మాత్ర పేరు చెప్పి ఉంచండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అసలు ఈ మాత్రతో తాగొచ్చా లేదా అన్నది మీ డాక్టర్ చెప్పాలి, ఆయనకి తాగుతారని నిజం చెప్పి అడగండి.

గుణుపురం_మాస్టారు

నా డాక్టర్‌కి తాగుతానని ఎప్పుడూ చెప్పలేదు. ఈ వారం వెళ్లి చెప్తాను. మా ఆవిడకి మీ పోస్టు చూపించాను, పంచదార డబ్బా మంచం పక్కన పెట్టింది.

జీలుగుచెట్టు (కొరాపుట్ దగ్గర)

మా వైపు విస్కీ కంటే జీలుగు కల్లు ఎక్కువ. అడవి ఊళ్లలో బంధువులు పిలిస్తే కాదనలేం. పొద్దున తాగితే తియ్యగా ఏమీ ఉండదు, సాయంత్రం అదే కుండలోది రెండు దొప్పలకే ఊపేస్తుంది. తిన్నా అంతే. మీ 20, 15 లెక్క దీనికి ఎలా వేయాలి?

పాత_ల్యాబ్

వేయలేం, అదే నా సమాధానం. కల్లు కుండలో పులుస్తూనే ఉంటుంది. తియ్యదనం తగ్గుతూ ఆల్కహాల్ పెరుగుతుంది. పొద్దుటి దొప్పకీ సాయంత్రం దొప్పకీ బలం ఒకటి కాదు, ఎంత తేడానో ఎండని బట్టి, కుండని బట్టి మారుతుంది. సీసా మీద అంకె ఉన్నప్పుడే లెక్క. కల్లుకి నేను చెప్పగలిగింది, ఒక దొప్ప తర్వాత ముప్పావు గంట ఆగి చూడమని. దాని బలం తెలియడానికి ఆ సమయం కావాలి.

కల్లు వేరు, కొండల్లో కాచే సారా వేరు. ఎవరు కాచారో, ఏం కలిపారో తెలియని సారా విషయంలో తిండి, నీళ్లు, నిదానం ఏవీ కాపాడవు. అందులో మిథనాల్ కలిస్తే మొదట మామూలు మైకంలాగే ఉంటుంది, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజు కళ్లు మసకబారతాయి, వాంతులు, ఆయాసం. అప్పుడు ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికే.

జీలుగుచెట్టు

ముప్పావు గంట ఆగితే "మా కల్లు నచ్చలేదా" అంటారు సార్. అయినా దొప్ప చేతిలో పట్టుకుని కూర్చుంటాను, ఖాళీ చేస్తేనే మళ్లీ పోస్తారు.

నెయ్యిముద్ద

సార్, నెయ్యి మాట అర్థమైంది. నీళ్ల లాభాలు చెప్తానన్నారు, చెప్పలేదు. రక్తంలోది దించనప్పుడు నీళ్లు ఎందుకు మరి? నాకు నీళ్లు తాగిన రోజే బాగుంటుంది, అది మాత్రం నిజం.

పాత_ల్యాబ్

మీ అనుభవం నిజమే. మందు మెదడు నుంచి వచ్చే ఒక హార్మోన్‌ని అణచేస్తుంది. మూత్రంలో నీళ్లు వృథా కాకుండా ఆపే హార్మోన్ అది. అందుకే తాగినప్పుడు మాటిమాటికీ లేవాల్సి వస్తుంది. మన గంజాం వేసవిలో చెమట దీనికి తోడు. నీళ్లు తాగితే ఆ లోటు కొంత తీరి, నోరు ఎండడం, తల బరువు తగ్గుతాయి.

అంతకంటే పెద్ద లాభం గ్లాసు పట్టుకునే చేతిది. దాహం నీళ్లతో తీరితే పెగ్గుని దాహానికి తాగరు. మధ్యలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా తాగితే పావుగంట, ఇరవై నిమిషాలు గడుస్తాయి. కెరటంగారి ఆదివారం గంటకొక పెగ్గు పడిందంటే ఆ నీళ్ల గ్లాసు వల్లే. మందుని దించేది నీళ్లు కాదు, తర్వాతి పెగ్గుని వెనక్కి జరిపేది నీళ్లు. పెగ్గులోనే ఎక్కువ నీళ్లు కలిపి గబగబా తాగితే ఈ లాభం ఉండదు, 10 గ్రాములు 10 గ్రాములే.

రాయగడ_గూడ్స్

సోడా సంగతేంటి? మావాళ్లలో సగం మంది సోడాతో త్వరగా ఎక్కుతుందంటారు. నాకు తేడా తెలియదు.

పాత_ల్యాబ్

గ్యాస్ పొట్టని త్వరగా ఖాళీ చేయిస్తుందని, అందుకే కొందరిలో వేగంగా ఎక్కుతుందని పరిశోధనల్లో కనిపించింది. అందరిలో కనిపించలేదు. ఖాళీ కడుపున ఆ తేడా తెలిసే అవకాశం ఎక్కువ. ఇంకొకటి, పంచదార లేని డైట్ కూల్‌డ్రింక్ కలిపితే పంచదార ఉన్నదానికంటే త్వరగా ఎక్కుతుంది. తియ్యటిది పొట్టలో కొంచెంసేపు నిలుస్తుంది, డైట్‌ది నీళ్లలా జారిపోతుంది.

కంచం_ముందు

నేను సోడా పార్టీ. నాకు సోడాతోనే నిదానంగా ఎక్కుతుంది, ఎందుకంటే కడుపు ఉబ్బి ఎక్కువ తాగలేను. సార్ చెప్పినదానికి నాది పూర్తిగా వ్యతిరేకం.

పాత_ల్యాబ్

కాదనను. మీకు సోడా పెగ్గుల సంఖ్యని తగ్గిస్తోంది, నేను చెప్పింది ఒక్కో పెగ్గు ఎక్కే వేగం. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు.

మహేంద్రతనయ

ఒక ఇబ్బంది ఎవరూ రాయలేదు. ముందు కడుపు నిండా తిన్న రోజు నాకు చాలాసేపు ఏమీ తెలియదు. "ఇవాళ ఏమీ కాలేదే" అని రెండోది పోసుకుంటాను, గంట తర్వాత రెండూ కలిసి వస్తాయి. ఖాళీ కడుపున అయితే ఒకదానికే తెలిసి ఆగిపోయేదాన్ని.

పాత_ల్యాబ్

ఈ చర్చలో అందరికంటే ముఖ్యమైన మాట మీరు చెప్పారమ్మా. ఖాళీ కడుపున శిఖరం అరగంట, గంట లోపల వస్తుంది. భోజనం చేశాక అది గంటన్నర, కొందరిలో ఇంకా ఆలస్యం. పొట్టలో ఉన్నది ఎక్కడికీ పోలేదు, దారిలో ఉంది. తిన్నాక ఏమీ తెలియకపోవడం ఇంకొకటి తాగడానికి గుర్తు కాదు. అందుకే తిండి ఒక్కటే సరిపోదు, గడియారం కూడా కావాలి. తిన్న రోజున పెగ్గు ఎంతసేపటికి పోయాలో కూర్చునే ముందే అనుకోండి, మైకం చూసి కాదు.

గోపాల్‌పూర్_కెరటం

శనివారం ఛత్రపురంలో మా బావమరిది గృహప్రవేశం పార్టీ ఉంది. ఆరున్నరకి ఇంట్లోనే భోజనం చేసి బయల్దేరతాను, వచ్చేది ఆటోలో. ఒక సందేహం మిగిలింది. మా బావమరిది "నేను హాట్ తాగను, రెండు బీర్లు కొట్టి బండి మీద వస్తా" అంటాడు. స్ట్రాంగ్ బీరు, 650 ఎం.ఎల్. సీసా. బీరే కాబట్టి తక్కువే కదా?

పాత_ల్యాబ్

సీసా మీద 8 శాతానికి మించకుండా అని రాసి ఉంటుంది, చూడమనండి. 8 శాతమే ఉంటే 650 ఎం.ఎల్.లో సుమారు 41 గ్రాములు, అంటే నాలుగు స్మాల్ పెగ్గులు. రెండు సీసాలంటే ఎనిమిది. 70 కిలోల మనిషికి 160, దిగడానికి పది గంటల పైన. అదే సైజు మామూలు 5 శాతం బీరు అయితే రెండున్నర పెగ్గులు.

నెయ్యిముద్ద

నేనూ ఛత్రపురమే కెరటంగారూ. ఆటో దొరక్కపోతే చెప్పండి, నేను ఆ రోజు ముట్టడం లేదు. మీ ఇద్దరినీ దింపుతాను.